బ్యాంకు వడ్డీలో మీకు నిజంగా మిగిలేదెంత? పన్ను, ధరల పెరుగుదల పోగా లెక్క కట్టే పద్ధతి

లక్ష రూపాయలు ఏడు శాతానికి ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఏడువేలు వస్తాయన్నది నోటి లెక్క. ఊళ్లో అప్పుల భాషలో చెప్పాలంటే నూటికి నెలకు 58 పైసల వడ్డీ. కానీ ఆ ఏడువేలలో కొంత ఆదాయపు పన్నుకు పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఏడాదిలో పెరిగిన ధరలను పూడ్చడానికే సరిపోతుంది. ఈ రెండూ పోయాక చేతిలో ఉండేదే నిజ రాబడి. ఏడాది కిందట ఆ డబ్బుతో ఎంత సరుకు వచ్చేదో, ఇప్పుడు అంతకంటే ఎంత ఎక్కువ వస్తుందో చెప్పే అంకె అది.

ఈ లెక్కకు కావలసినవి మూడే: ఏడాదికి నిజంగా చేతికొచ్చే వడ్డీ, దాని మీద మీరు కట్టే పన్ను, ధరల పెరుగుదల రేటు. మూడింటిలోనూ జనం పొరబడే చోట్లున్నాయి. అందుకే లక్ష రూపాయల డిపాజిట్ ఒక్కటే తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. పన్ను నిబంధనలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

మొదటి మెట్టు: చేతికొచ్చే వడ్డీ ఎంత?

మన బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీని సాధారణంగా మూడు నెలలకోసారి అసలులో కలుపుతారు. ఏడు శాతం అంటే మూడు నెలలకు 1.75 శాతం. లక్ష మీద మొదటి మూడు నెలలకు 1,750 రూపాయలు. రెండో మూడు నెలలకు 1,01,750 మీద లెక్క కాబట్టి 1,781. ఆ తర్వాత 1,812, చివరికి 1,843. మొత్తం 7,186 రూపాయలు. అంటే బోర్డు మీద 7 శాతం అని ఉన్నా, ఏడాది పొడవునా కదపకుండా ఉంచితే వచ్చేది 7.19 శాతం.

వడ్డీని మూడు నెలలకోసారి ఖాతాలో వేయించుకుంటే వడ్డీ మీద వడ్డీ ఉండదు, సరిగ్గా 7,000 వస్తుంది. నెలనెలా తీసుకుంటే 583కి బదులు సుమారు 580 రూపాయలే వేస్తారు, ఎందుకంటే మూడు నెలలకు రావలసినదాన్ని బ్యాంకు ముందుగా ఇస్తోంది. తేడా చిన్నదే అయినా, మీరు ఏ రకం డిపాజిట్ వేశారో దానికి తగిన అంకెనే లెక్కలో పెట్టాలి.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఎక్కువ ఏళ్ల డిపాజిట్లకు ప్రకటనల్లో రాసే "వార్షిక రాబడి" విషయంలో. ఐదేళ్లకు 7 శాతం మీద లక్ష 1,41,478 అవుతుంది. పెరిగిన 41,478ని ఐదుతో భాగిస్తే ఏడాదికి 8.3 శాతం అని వస్తుంది. ఆ అంకె చూసి డిపాజిట్ 8.3 శాతం ఇస్తోందనుకుంటే తప్పు. అందులో ఏ ఏటికాయేడు వచ్చే రాబడి 7.19 శాతమే, మిగతాది చక్రవడ్డీని సాదా వడ్డీగా మార్చి చూపడం వల్ల కనిపించే పెంపు. అలాంటి అంకె కనిపిస్తే వదిలేసి, రేటు ఎంత, ఎన్నాళ్లకోసారి కలుపుతారు అని మాత్రం అడగండి.

రెండో మెట్టు: పన్ను

డిపాజిట్ వడ్డీకి విడిగా పన్ను రేటు లేదు. మీ జీతం, వ్యాపారం, అద్దె అన్నీ కలిపిన ఆదాయం మీద ఇదొచ్చి చేరుతుంది. అందువల్ల ఈ వడ్డీ మీ ఆదాయంలో పైవరుసన కూర్చుని, మీకు వర్తించే అన్నింటికంటే పై శ్లాబు రేటునే మోస్తుంది. మొత్తం ఆదాయం మీద సగటున ఎంత పన్ను కడుతున్నారన్నది ఇక్కడ పనికిరాదు. పన్ను మీద 4 శాతం సెస్ కూడా ఉంటుంది కాబట్టి 20 శాతం శ్లాబు అంటే 20.8, 30 శాతం శ్లాబు అంటే 31.2.

మన ఉదాహరణలోని వ్యక్తి కొత్త విధానంలో ఉన్నారని, మినహాయింపులు పోగా ఆయన ఆదాయం 17 లక్షలని అనుకుందాం. కొత్త విధానంలో 16 నుంచి 20 లక్షల మధ్య రేటు 20 శాతం. కాబట్టి 7,186 వడ్డీ మీద 20.8 శాతం, అంటే 1,495 రూపాయలు పన్ను. మిగిలేది 5,691.

ఈ మెట్టు దగ్గర ఎక్కువమంది తప్పటడుగు వేసేది టీడీఎస్ వల్ల. బ్యాంకు కోసే టీడీఎస్ 10 శాతం. అదీ ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితేనే. అరవై ఏళ్లు నిండినవారికి ఆ పరిమితి లక్ష. మన ఉదాహరణలో వడ్డీ 7,186 మాత్రమే కాబట్టి బ్యాంకు ఒక్క రూపాయీ కోయదు. కోయలేదు కాబట్టి పన్ను లేదనుకుని లెక్క ముగించేస్తారు. టీడీఎస్ అనేది ముందుగా పట్టుకునే అడ్వాన్సు మాత్రమే. అసలు పన్ను రిటర్ను వేసేటప్పుడు శ్లాబు ప్రకారం తేలుతుంది. ఆ వడ్డీ ఆదాయపు పన్ను వెబ్‌సైటులో మీ ఏఐఎస్ నివేదికలో కనిపిస్తుంది కూడా. 10 శాతం కోసిన చోట 20 శాతం శ్లాబువారు మిగతా 10.8 శాతం సొంతంగా కట్టాల్సిందే. మరోవైపు, అసలు పన్నే పడని వారికి బ్యాంకు టీడీఎస్ కోస్తే రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. 15జీ ఫారం, పెద్దవారైతే 15హెచ్, ఏడాది మొదట్లోనే బ్యాంకులో ఇస్తే అసలు కోయరు.

మరో సంగతి. ఐదేళ్ల డిపాజిట్ వేసి వడ్డీ చివర్లో తీసుకున్నా, బ్యాంకు ప్రతి ఏటా జమైన వడ్డీని మీ పాన్ మీద చూపిస్తుంది. పరిమితి దాటితే ఆ ఏడాదే టీడీఎస్ కూడా డిపాజిట్ వడ్డీ నుంచే కోస్తుంది. కాబట్టి ఏ ఏటి వడ్డీ ఆ ఏటి ఆదాయంలో చూపించుకుంటూ పోవడం మంచిది. అంతా చివరి ఏడాదిలో చూపిస్తే ఏఐఎస్‌తో లెక్క తేడా వస్తుంది, ఒక్కసారిగా పెద్ద మొత్తం పడి పై శ్లాబులోకి వెళ్లే అవకాశమూ ఉంది.

మూడో మెట్టు: ధరల పెరుగుదల ఏ అంకె?

కేంద్ర గణాంకాల శాఖ ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో వినియోగదారుల ధరల సూచీని విడుదల చేస్తుంది. వార్తల్లో వచ్చే "రిటైల్ ద్రవ్యోల్బణం" అదే. అయితే ఒక నెల అంకెను పట్టుకుని ఏడాది డిపాజిట్‌ను కొలవకూడదు. 2023 జూలైలో అది 7.44 శాతం. 2025 అక్టోబరులో 0.25 శాతం. మొదటిది టమాటా, కూరగాయల ధరలు మండిపోయిన నెల. రెండోది కూరగాయలు, పప్పులు అంతకుముందు ఏడాదికంటే బాగా తగ్గిన నెల. ఈ రెండింటిలో ఏది పెట్టుకున్నా నిజ రాబడి తప్పుడు బొమ్మే చూపిస్తుంది.

జరిగిపోయిన ఏడాది లెక్క కడుతుంటే పన్నెండు నెలల సగటు తీసుకోండి. ఆర్థిక సంవత్సరాల సగటు ఇలా ఉంది: 2020-21లో 6.2, 2021-22లో 5.5, 2022-23లో 6.7, 2023-24లో 5.4, 2024-25లో 4.6 శాతం. ఇప్పుడు వేయబోయే డిపాజిట్‌కైతే రాబోయే ఏడాది ధరలు కావాలి, అవి ఎవరి దగ్గరా లేవు. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ రెండు శాతం వరకు సర్దుబాటు. కాబట్టి 4, 5, 6 మూడింటితోనూ విడివిడిగా లెక్క వేసి చూడటం సరైన పద్ధతి. ఇక్కడ ఉదాహరణకు మధ్యలోని 5 తీసుకుంటున్నాం.

సూచీలో మీ ఇల్లు ఉండదు, దేశం సగటు ఇల్లు ఉంటుంది. 2012 ఆధారపు సూచీలో ఆహారం, పానీయాల వాటా దాదాపు 46 శాతం. హైదరాబాదులో అద్దెకుంటూ ఇద్దరు పిల్లలను ప్రైవేటు బడిలో చదివించే ఇంట్లో ఆ వాటా అంత ఉండకపోవచ్చు, ఫీజుల వాటా చాలా ఎక్కువ ఉండొచ్చు. మీ ఇంటి రేటు కట్టడం కష్టమేమీ కాదు. నెల ఖర్చు 40,000 అనుకుందాం: సరుకులు, పాలు, కూరలు 14,000, అద్దె 10,000, బడి ఫీజు నెల వంతున 8,000, పెట్రోలు, బస్సు 4,000, మిగతావి 4,000. ఏడాదిలో సరుకులు 3 శాతం, అద్దె 5 శాతం, ఫీజు 10 శాతం పెరిగాయి, పెట్రోలు మారలేదు, మిగతావి 4 శాతం పెరిగాయి. అవే వస్తువులకు ఇప్పుడు 41,880 కావాలి. పెరుగుదల 1,880, అంటే 4.7 శాతం. సరుకుల ధర మూడు శాతమే పెరిగినా ఇంటి రేటు 4.7కు వెళ్లింది, కారణం ఫీజు.

ఈ లెక్కలో గట్టిగా పాటించాల్సిన నియమం ఒకటే: అదే వస్తువు, అదే పరిమాణం. రెండు పాల ప్యాకెట్లు మూడయ్యాయంటే అది ధర పెరగడం కాదు, వాడకం పెరగడం. గృహ రుణం వాయిదా, కొన్న బంగారం, కొత్త ఫోను ఇందులో కలపకూడదు.

డిపాజిట్ ఒక ప్రత్యేక పనికోసం దాచింది అయితే ఇంటి సగటు కూడా పక్కనపెట్టి, ఆ పని ఖర్చు ఎంత పెరుగుతోందో అదే తీసుకోండి. పిల్లల ఇంజనీరింగు ఫీజుకు దాచిన డబ్బును బియ్యం ధరతో కొలిచి లాభం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కాలేజీ ఫీజులను మూడేళ్ల కాలానికి ఖరారు చేసే పద్ధతి ఉంది కాబట్టి పెరుగుదల ఏటా కొద్దికొద్దిగా కాక ఒక్కసారిగా వస్తుంది. అలాంటి పెంపును మూడేళ్లకు పంచి చూడాలి.

నాలుగో మెట్టు: భాగించాలి, తీసివేయకూడదు

పన్ను పోగా మన డిపాజిట్ 1,05,691 అయింది. ధరలు 5 శాతం పెరిగాయి. 5.69లోంచి 5 తీసేస్తే 0.69 శాతం అని చాలామంది ఆగిపోతారు. దగ్గరి అంకెగా అది పనికొస్తుంది, కానీ సరైనది కాదు. వడ్డీతో వచ్చిన రూపాయి కూడా పెరిగిన ధరకే సరుకు కొనాలి కదా. అందుకే మొత్తాన్ని 1.05తో భాగించాలి: 1,05,691 ÷ 1.05 = 1,00,658. అంటే ఏడాది కిందటి విలువలో లక్షకు 658 రూపాయలు కలిశాయి. నిజ రాబడి 0.66 శాతం.

బియ్యం బస్తాల్లో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. పాతిక కిలోల బస్తా 1,250 రూపాయలప్పుడు లక్షకు 80 బస్తాలు. ధర 5 శాతం పెరిగి 1,312 రూపాయల 50 పైసలైంది. 1,05,691కి ఎనభై బస్తాల మీద మరో అర బస్తా వస్తుంది. ఏడాదిపాటు డబ్బు ముట్టుకోకుండా దాచినందుకు దక్కింది ఆ అర బస్తా.

ఒక ఏడాదికి తీసివేతకు, భాగహారానికి తేడా పైసల్లోనే ఉంటుంది. ధరలు పది శాతం పెరిగే రోజుల్లో, లేదా పదేళ్ల లెక్కలో ఆ తేడా పెద్దదవుతుంది. అందుకని మొదటినుంచే భాగహారం అలవాటు చేసుకోవడం మేలు. కంప్యూటరులో ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉంటే ఇలా పెట్టుకోండి. B1లో బోర్డు రేటు (7%), B2లో మీ పన్ను రేటు (20.8%), B3లో ధరల పెరుగుదల (5%):

```
B4: =EFFECT(B1,4)
B5: =B4*(1-B2)
B6: =(1+B5)/(1+B3)-1
```

ఈ గడులను శాతం రూపంలో చూపించమంటే B4లో 7.19%, B5లో 5.69%, B6లో 0.66% రావాలి. B6లో వేల శాతం గానీ, మైనస్ 80 శాతం లాంటి పెద్ద నష్టం గానీ కనిపిస్తే ఏదో ఒక గడిలో శాతం గుర్తు పెట్టడం మరిచారన్నమాట.

అదే డిపాజిట్, మూడు ఇళ్లు

అదే బ్యాంకు, అదే రేటు, అదే ఏడాది. మారింది పన్ను శ్లాబు ఒక్కటే.

| పన్ను రేటు | వడ్డీ | పన్ను | చేతికి వచ్చే మొత్తం | పాత ధరల్లో విలువ |
|---|---|---|---|---|
| లేదు | 7,186 | 0 | 1,07,186 | 1,02,082 |
| 20.8% | 7,186 | 1,495 | 1,05,691 | 1,00,658 |
| 31.2% | 7,186 | 2,242 | 1,04,944 | 99,947 |

పన్ను పడని ఇంటికి రెండు శాతం పైగా నిజంగా మిగిలింది. 30 శాతం శ్లాబు ఇంటికి అసలే 53 రూపాయలు తరిగింది. పైకి మాత్రం పన్ను పోగా కూడా దాదాపు ఐదువేలు పెరిగినట్టు కనిపిస్తుంది.

మధ్య వరుసను మరికాస్త పరిశీలించాలి. పన్ను లేకపోతే పాత ధరల్లో 2,082 మిగిలేది, పన్ను పడితే 658 మిగిలింది. అంటే నిజంగా వచ్చిన లాభంలో 1,424 రూపాయలు, 68 శాతం, పన్నుకు పోయింది. శ్లాబు 20 శాతమే కదా, 68 ఎక్కడిది? పన్ను చట్టం 7,186 మొత్తాన్నీ ఆదాయంగానే చూస్తుంది. కానీ అందులో 5,000 రూపాయలు లక్ష విలువ తరిగిపోకుండా పూడ్చిన డబ్బు. దాన్ని లాభం అనలేం. పూడిక మీద కూడా పన్ను పడుతోంది, ఆ పన్ను భారమంతా మిగిలిన చిన్న లాభం మీద వాలుతోంది. డిపాజిట్లలో నిజ రాబడి ఎందుకింత సన్నగా ఉంటుందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క సంగతి అర్థం చేసుకుంటే చాలు.

దీనివల్ల ఇంకో ఫలితముంది, చాలామంది గమనించరు. ధరలు 5 నుంచి 7 శాతానికి పెరిగాయని, బ్యాంకు కూడా రేటును 7 నుంచి 9కి పెంచిందని అనుకుందాం. పైకి చూస్తే బ్యాంకు సరిగ్గా సరిదిద్దింది. లెక్క కట్టండి: 9 శాతానికి వడ్డీ 9,308. పన్ను 1,936. చేతికి 1,07,372. దాన్ని 1.07తో భాగిస్తే 1,00,348. ఇంతకుముందు 658 మిగిలిన చోట ఇప్పుడు 348. వడ్డీ రేటు, ధరలు ఒకేలా పెరిగినా పన్ను కట్టేవారి చేతిలో మిగిలేది సగానికి తగ్గింది. తొమ్మిది శాతం డిపాజిట్ల కాలం ఎంత బాగుండేదో అని తలుచుకునేవారు ఆ ఏళ్ల ధరల పెరుగుదల, తమ శ్లాబు కూడా పక్కన రాసుకుని చూడాలి.

కనీసం ఎంత వడ్డీ రావాలి?

లాభం సంగతి తర్వాత, నష్టం రాకుండా ఉండటానికి కావలసిన రేటు తెలుసుకోవడం తేలిక. ధరల పెరుగుదలను, ఒకటిలోంచి పన్ను రేటు తీసేయగా మిగిలినదానితో భాగించండి. ధరలు 5 శాతం, పన్ను 20.8 అయితే 5 ÷ 0.792 = 6.31 శాతం. పన్ను 31.2 అయితే 5 ÷ 0.688 = 7.27 శాతం. ఇది ఏడాదికి చేతికొచ్చే రేటు, మొదటి మెట్టులో కట్టిన 7.19 లాంటిది. బ్యాంకులో కొత్త రేట్లు చూసినప్పుడు ఈ ఒక్క అంకెతో పోల్చుకుంటే ఆ డిపాజిట్ మీ డబ్బును నిలబెడుతుందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది.

పొదుపు ఖాతాను కూడా దీంతో కొలవండి. పెద్ద బ్యాంకులు 2025 మధ్య నుంచి పొదుపు ఖాతాకు 2.5 శాతం దగ్గర ఇస్తున్నాయి. 20.8 శాతం పన్ను పోతే 1.98. ధరలు 5 శాతం పెరిగితే లక్ష విలువ 97,124కు దిగుతుంది. పాత విధానంలో పొదుపు ఖాతా వడ్డీకి 10,000 వరకు మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. అయితే మినహాయింపు ఉన్నా 2.5 శాతం 5 శాతాన్ని అందుకోలేదు. ఒకటి రెండు నెలల ఖర్చు తప్ప ఎక్కువ సొమ్మును ఆ ఖాతాలో ఏళ్ల తరబడి ఉంచడం వల్ల జరిగే నష్టం డిపాజిట్ రేట్ల మధ్య తేడాలకంటే చాలా పెద్దది.

12 లక్షల గట్టు దగ్గర

కొత్త విధానంలో పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షల లోపుంటే రిబేటు వల్ల పన్ను సున్నా. అలాంటివారికి డిపాజిట్ వడ్డీ మీద కూడా పన్ను ఉండదు, వారు పై పట్టికలో మొదటి వరుసలోకి వస్తారు. కానీ వడ్డీ వల్లే 12 లక్షలు దాటితే లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

జీతం ఆదాయం, స్టాండర్డ్ డిడక్షన్ పోగా, 11,90,000. డిపాజిట్ల మీద వడ్డీ 50,000. మొత్తం 12,40,000. శ్లాబుల ప్రకారం పన్ను 66,000. అయితే 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదన్న ఉపశమనం ఉంది కాబట్టి పన్ను 40,000కు తగ్గుతుంది, సెస్‌తో 41,600. వడ్డీ లేకపోతే ఈయన పన్ను సున్నా. అంటే 50,000 వడ్డీలో 41,600 పోయి 8,400 మిగిలింది. వడ్డీ మీద పన్ను 83 శాతం! ఏడు లక్షల దరిదాపు డిపాజిట్ మీద వచ్చిన ఈ 8,400, అంటే ఒక శాతం కంటే కాస్త ఎక్కువ, ఏ ధరల పెరుగుదలకూ ఆనదు.

ఆదాయం ఈ గట్టుకు దగ్గరగా ఉన్నవారు మార్చి వరకు ఆగకుండా, ఫిబ్రవరిలోనే అన్ని బ్యాంకుల వడ్డీ కూడి చూసుకోవాలి. ఏ ఏటి వడ్డీ ఆ ఏడాదే జమవుతుంది కాబట్టి మార్చిలో చేయగలిగేది పెద్దగా ఉండదు. డిపాజిట్ వేసేటప్పుడే ఆలోచించాలి.

ఐదేళ్లకు సాగదీస్తే

ఒక ఏడాదిలో అర శాతం అటూ ఇటూ పెద్దగా అనిపించదు. 2020 ఏప్రిల్‌లో లక్ష రూపాయలు ఐదేళ్లకు, ఏడాదికి చేతికొచ్చే 6 శాతం రేటుకు వేశారనుకుందాం. పైన ఇచ్చిన ఐదేళ్ల ధరల పెరుగుదలను ఒకదానితో ఒకటి గుణించండి: 1.062 × 1.055 × 1.067 × 1.054 × 1.046 = 1.318. 2020లో లక్షకు వచ్చిన సరుకుకు 2025లో 1,31,800 కావాలి. ఐదు రేట్లనూ కూడి 28.4 శాతం అనుకోవద్దు. ధరలు కూడా చక్రవడ్డీలాగే పెరుగుతాయి.

పన్ను పడనివారి డిపాజిట్ 1,33,823 అయింది. 1.318తో భాగిస్తే 1,01,535. ఐదేళ్లకు కలిపి ఒకటిన్నర శాతం లాభం. 20.8 శాతం పన్ను కట్టేవారికి ఏటా 4.752 శాతమే చేరింది, లక్ష 1,26,128 అయింది, పాత ధరల్లో దాదాపు 95,700. 31.2 శాతం వారికి 1,22,416, పాత ధరల్లో సుమారు 92,900. మొదటివారు నిలబడ్డారు, మూడోవారు ఏడు శాతం పోగొట్టుకున్నారు, డిపాజిట్ మాత్రం ఒకటే. ఈ ఐదేళ్లలో ఏ ఏడాది సగటు పెరుగుదలా ఏడు శాతం దాటలేదు కూడా. ఆరు శాతం వడ్డీకి ఐదున్నర పైచిలుకు ధరల పెరుగుదల ఎదురైతే పన్ను కట్టేవారికి జరిగేది ఇదే.

పన్ను వైపు ఏం మార్చుకోవచ్చు?

ధరలు మీ చేతిలో లేవు. బ్యాంకుల మధ్య వడ్డీ తేడా కొద్దిగానే ఉంటుంది, ఎక్కువ ఇచ్చే చోట డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే అన్నది గుర్తుంచుకోవాలి. అందువల్ల నిజంగా మార్చగలిగేది పన్ను.

అరవై దాటిన వారికి చాలా బ్యాంకులు అర శాతం ఎక్కువ ఇస్తాయి. వారు పాత విధానంలో ఉంటే డిపాజిట్, పొదుపు ఖాతా వడ్డీలు కలిపి 50,000 వరకు మినహాయింపు ఉంది. పెద్ద ఆదాయం లేని తల్లిదండ్రులకు మీరు డబ్బు ఇచ్చి వారి పేరున డిపాజిట్ వేస్తే ఆ వడ్డీ వారి ఆదాయమే అవుతుంది, వారి శ్లాబులోనే తేలుతుంది. అయితే డబ్బు నిజంగా వారిదైపోతుంది, రేపు అన్నదమ్ముల మధ్య వాటాల లెక్కలోకి వస్తుంది. అది ముందే ఆలోచించి బ్యాంకు ద్వారా బదిలీ చేసి, నామినీ వివరాలు సరిగ్గా రాయాలి.

భార్య పేరునో భర్త పేరునో వేస్తే మాత్రం ఈ లాభం రాదు. మీరిచ్చిన డబ్బు మీద జీవిత భాగస్వామికి వచ్చే వడ్డీని చట్టం మీ ఆదాయంలోనే కలుపుతుంది. కోడలికి ఇచ్చిన డబ్బు మీద వడ్డీ కూడా అంతే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల పేరున వేస్తే తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వారి ఆదాయంలో కలుస్తుంది. పద్దెనిమిది నిండిన కొడుకుకో కూతురికో ఇచ్చినదైతే వారి ఆదాయమే. కాలేజీలో చదువుతూ సంపాదన లేని కూతురి పేరున అదే 7 శాతం డిపాజిట్ వేస్తే, ఆమె విషయంలో పై పట్టికలో చూడాల్సింది మొదటి వరుస.